మాత్ర, మిగిలిన టిఫిన్ బాక్సు, ఎత్తు

ఏకాగ్రత లోపానికి మిథైల్‌ఫెనిడేట్ మాత్ర వేసుకునే పిల్లల టిఫిన్ బాక్సు మధ్యాహ్నం చాలాసార్లు ముట్టకుండానే తిరిగొస్తుంది. మందు ఆకలిని అణచేస్తుంది. సాయంత్రం దాని ప్రభావం తగ్గాక ఆకలేస్తుంది.

ఎదుగుదల మాటేమిటి? అమెరికా, కెనడాల్లో 579 మంది పిల్లలతో ఎంటీఏ అధ్యయనం జరిగింది. అందులో కొత్తగా మందు మొదలుపెట్టినవారు మూడేళ్లకు, వాడనివారికన్నా సగటున 2 సెంటీమీటర్లు పొట్టిగా, 2.7 కిలోలు తక్కువగా ఉన్నారు. ఎదుగుదల మందగించేది ఎక్కువగా తొలి ఏళ్లలోనే. ఆ లోటు పూడుతుందా? పెద్దయ్యాక చూసినా, మందు వాడినవారు దాదాపు వాడనివారికన్నా సుమారు రెండున్నర సెంటీమీటర్లు తక్కువే ఉన్నారు. తుది ఎత్తులో తేడా కనిపించని అధ్యయనాలూ ఉన్నాయి.

నా మటుకు, భయపడి మందు మానేయడం కన్నా మాత్రకు ముందే కడుపునిండా ఇడ్లీ పెట్టి, ఆరునెలలకోసారి ఎత్తు, బరువు గ్రోత్ చార్టులో గుర్తించడం మేలు. గీత కిందికి జారుతుంటే మోతాదు తగ్గించాలా, సెలవుల్లో ఆపాలా అన్నది డాక్టరుతో తేల్చుకోవాలి.