రొట్టె కొనేదొకరు, తినేదొకరు

హైదరాబాద్‌లో పొద్దు వాలితే కాలనీ మలుపుల్లో జొన్నరొట్టెలు చేసి అమ్మేవాళ్లు కనిపిస్తారు. అలాంటి కేంద్రం పెట్టాలనుకున్న ఒకావిడ బ్యాంకు లోను కోసం ప్రాజెక్ట్ రిపోర్టు రాస్తున్నారనుకుందాం. ‘మీ కస్టమర్లు ఎవరు’ అన్న చోట చాలామంది రాసేది ఇదే: ‘25 నుంచి 40 ఏళ్ల, ఆరోగ్యంపై శ్రద్ధ ఉన్న మధ్యతరగతి వారు.’ రొట్టెలు ఎన్నింటికి సిద్ధం కావాలో, ప్యాకెట్లో ఎన్ని పెట్టాలో ఈ వాక్యం చెప్పదు.

అది చెప్పేది కస్టమర్ పర్సోనా. ఒకే తీరుగా కొనే మనుషుల్ని కలిపి, ఒక మనిషిగా గీసిన చిత్రం అది. దానికి ముడిసరుకు మాటామంతీలో రాసుకున్న నోట్సు. ఆవిడ 12 మందితో మాట్లాడతారు. ‘రొట్టెలు పెడితే కొంటారా?’ అని అడగరు. మొహమాటానికి అందరూ కొంటామనే అంటారు కాబట్టి, జరిగిపోయినదే అడుగుతారు: కిందటిసారి ఎప్పుడు కొన్నారు, ఎవరికోసం, దొరకని రోజు ఏం చేశారు? జవాబుల్ని వాళ్ల మాటల్లోనే రాసుకుని, ఒక్కో మనిషి నోట్సుకు ఒక నంబరు వేస్తారు.

తర్వాత ఆ నోట్సును వయసునుబట్టి కాక, చేసిన పనినిబట్టి కుప్పలు వేయాలి. అసలు సంగతి ఇక్కడే బయటపడుతుంది. 3వ నోట్సు 27 ఏళ్ల ఉద్యోగిది, 8వది 55 ఏళ్ల గృహిణిది. వయసు ప్రకారం వీళ్లకు పొంతనే లేదు. కానీ ఇద్దరూ షుగర్ ఉన్న పెద్దాయన కోసం రోజూ రాత్రి ఎనిమిదిలోపు రెండు రొట్టెలు కొంటున్నారు, ‘గట్టిపడితే నాన్న నమలలేరు’ అంటున్నారు. కొనేవాళ్లకు రొట్టె అవసరమే లేదు, తినేవాళ్లు కేంద్రానికి రారు. మరో 5 నోట్సుల్లోనూ ఇదే తీరు ఉంటే, ఆ 7 కలిసి ఒక పర్సోనా. వారానికోసారి కూరతో కలిపి కొనే 3 హాస్టల్ కుర్రాళ్లది ఇంకొకటి. ఇంట్లోనే చేసుకునే మిగతా ఇద్దరినీ కస్టమర్లు కారని రిపోర్టులో రాసేయడమే మేలు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు అందరినీ కలిపి సగటు మనిషిని తయారుచేయడం. వారానికి నాలుగుసార్లు, ఒక్కోసారి కాస్త కూరతో కొనే అలాంటి మనిషి ఏ నోట్సులోనూ ఉండడు. అందుకే పర్సోనాలోని ప్రతి వాక్యం పక్కనా అది వచ్చిన నోట్సు నంబరు వేసుకోవాలి. నంబరు దొరకని వాక్యం మన ఊహ, దాన్ని కొట్టేయాల్సిందే. ‘జిమ్‌కు వెళతారు’ అన్న ముచ్చటైన వాక్యం చాలాసార్లు ఇలాగే పోతుంది.

రిపోర్టులోకి ఎక్కేది ఇంతే: ‘ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవారికోసం కొనేవారు. రోజూ 2 రొట్టెలు, రాత్రి 8లోపు. మెత్తగా ఉండాలి. దొరక్కపోతే ఇంట్లో గోధుమ చపాతీ చేస్తారు.’ దీంతో ప్యాకెట్‌కు రెండు చాలని తేలింది, పోటీ పక్క బండితో కాదు, ఇంటి చపాతీతోనని కూడా తేలింది.

అయితే 12 మందిలో 7 అంటే కాలనీలో 58 శాతం అని రాయకూడదు. మాట్లాడింది కొద్దిమందితో, అదీ దొరికినవాళ్లతో. ఈ నోట్సు ఎలాంటివాళ్లు, ఎందుకు కొంటారో చెబుతుంది గానీ ఎంతమందో చెప్పదు. ఆ లెక్కకోసం ఇప్పటికే నడుస్తున్న ఒక రొట్టెల కేంద్రం దగ్గర వారంపాటు సాయంత్రాలు నిలబడి, రెండేసి కొనేవాళ్లెందరో, కూరతో కలిపి కొనేవాళ్లెందరో విడివిడిగా గీతలు పెట్టుకోవాలి.