పొరుగు యూనివర్సిటీ పేపర్ పెట్టే పరీక్ష

బీటెక్ కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు డేటాబేస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్స్ పరీక్షకు దాదాపు ఒకే పద్ధతిలో తయారవుతారు. తమ యూనివర్సిటీ పాత పేపర్లు ముందేసుకుంటారు, పదేపదే అడిగిన ప్రశ్నలకు టిక్కులు పెట్టుకుంటారు, వాటి జవాబులు చదువుతారు. ఏ ప్రశ్న రావచ్చో ఈ పద్ధతి చెబుతుంది. మనకు ఏది అర్థం కాలేదో చెప్పదు. పదిసార్లు చూసిన ప్రశ్న తెలిసినట్టే అనిపిస్తుంది, ఆ ప్రశ్న కింద ఉన్న విషయం తెలిసిందా లేదా అన్నది బయటపడదు.

అది బయటపడాలంటే అదే సబ్జెక్టును మరొకరు ఎలా అడిగారో చూడాలి. ఇందుకు జేఎన్‌టీయూ హైదరాబాద్, చెన్నైలోని అన్నా యూనివర్సిటీ పేపర్లు మంచి జత. రెండూ అనేక అనుబంధ కళాశాలలకు ఒకే ప్రశ్నపత్రం ఇస్తాయి. రెండు చోట్లా సబ్జెక్టు మూలం ఒకటే. అడిగే తీరు మాత్రం వేరు.

మొదట పేపర్లను కాకుండా సిలబస్‌లను పక్కపక్కన పెట్టాలి. ఈ మెట్టు దాటేసినవాళ్లు తర్వాత అనవసరంగా కంగారు పడతారు. అన్నా యూనివర్సిటీ సిలబస్‌లో క్వెరీ ఆప్టిమైజేషన్, రెయిడ్, డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేస్‌లు ఉంటాయి. జేఎన్‌టీయూ డేటాబేస్ సిలబస్‌లో వాటికి చోటు లేదు. హైదరాబాద్ విద్యార్థికి ఆ ప్రశ్నలు రాకపోతే అది చదువులో లోటు కాదు. ఆ వరుసలు కొట్టేసి ముందుకు వెళ్లాలి. దీనికి రెండో వైపు కూడా ఉంది. జేఎన్‌టీయూ సిలబస్‌లో ట్యూపుల్ రిలేషనల్ కాల్‌క్యులస్ ఉంది, చెన్నై పేపర్లలో దాన్ని వెతికి లాభం లేదు. అవతలి పేపర్ అడగలేదు కాబట్టి ఆ పాఠం మనకు వచ్చేసినట్టు అనుకోకూడదు. పేపర్ పైభాగంలో అచ్చయిన రెగ్యులేషన్ సంవత్సరం కూడా చూసుకోవాలి. సిలబస్ మారిన తర్వాతి పేపర్‌నూ, మారకముందు పేపర్‌నూ కలిపితే పోలిక అక్కడే చెడిపోతుంది.

రెండో మెట్టు సమయం. మార్కులు చూసి ప్రశ్న లోతు తేల్చడం చాలామంది చేసే పొరపాటు. జేఎన్‌టీయూ ఆర్22 రెగ్యులేషన్‌లో పరీక్ష 60 మార్కులకు, 3 గంటలు. అంటే మార్కుకు 3 నిమిషాలు. అన్నా యూనివర్సిటీలో 100 మార్కులకు అవే 3 గంటలు, మార్కుకు 2 నిమిషాలు కూడా లేవు. కాబట్టి ఇక్కడి 10 మార్కుల ప్రశ్నకు అరగంట దొరుకుతుంది, అక్కడి 13 మార్కుల ప్రశ్నకు 23 నిమిషాలే. మార్కుల్లో పెద్దదిగా కనిపించే ప్రశ్నను తక్కువ సమయంలో తేల్చాలి. అవతలి ప్రశ్నను మన టేబుల్ మీద రాసి చూసేటప్పుడు ఎంతసేపు పెట్టుకోవాలో ఈ లెక్క చెబుతుంది.

ఇక అసలు పని. ఒక తెల్లకాగితం మీద ఎడమవైపు సిలబస్ అంశాలు వరుసగా రాసి, రెండు యూనివర్సిటీలకూ రెండు నిలువు గడులు గీయాలి. ఒక్కో చోటి నుంచి నాలుగైదు పేపర్లు చాలు. ప్రతి ప్రశ్నను ఆ అంశం ఎదురుగా వేసేటప్పుడు మొత్తం వాక్యం అక్కర్లేదు. ఆ ప్రశ్న మనతో ఏం చేయించుకుంటుందో ఒక్క మాటలో రాస్తే సరిపోతుంది: నిర్వచించడమా, వివరించడమా, పోల్చడమా, బొమ్మ గీయడమా, ఇచ్చిన వివరాల మీద లెక్క కట్టడమా. కాగితం నిండాక అంశాల పేర్లను వదిలేసి ఈ క్రియలను చూడాలి. ఒకే అంశం ఎదురుగా ఒక గడిలో ‘వివరించు’, ఇంకో గడిలో ‘కనుక్కో’ ఉంటే అక్కడ ఆగాలి. నా అనుభవంలో అసలు లోటు దాక్కునే చోటు ఎక్కువగా అదే.

ఇంతకాలం అది ఎందుకు కనిపించలేదంటే, మన పేపర్‌లో ప్రతి యూనిట్‌కూ ‘లేదా’ ఉంటుంది. ఒకవైపు వర్ణన, మరోవైపు లెక్క ఉన్నప్పుడు విద్యార్థి చెయ్యి వర్ణన వైపే పోతుంది. అన్ని పాత పేపర్లూ రాసి చూశానని అతను నిజాయితీగానే చెబుతాడు. రాసినవన్నీ ఒకే వైపువని అతనికే తెలియదు.

నార్మలైజేషన్‌నే తీసుకుందాం. పట్టికల్లో ఒకే సమాచారం పదిచోట్ల పడి ఉండకుండా వాటిని విడగొట్టే పద్ధతి ఇది. ‘నార్మల్ ఫార్మ్‌లను ఉదాహరణలతో వివరించండి’ అన్న ప్రశ్నకు సాధారణ విద్యార్థి రెండు పేజీలు హాయిగా నింపేస్తాడు. ఇప్పుడు అదే పాఠం మీద లెక్క అడిగే మాదిరి ప్రశ్న చూడండి. ఒక కోచింగ్ సెంటర్ పట్టికలో మూడు నిలువు వరుసలున్నాయి: విద్యార్థి, సబ్జెక్టు, లెక్చరర్. ఒక విద్యార్థికి ఒక సబ్జెక్టులో ఒకే లెక్చరర్ ఉంటారు. ఒక లెక్చరర్ ఒకే సబ్జెక్టు చెబుతారు, అయితే ఒకే సబ్జెక్టును ఎందరు లెక్చరర్లయినా చెప్పవచ్చు. ఈ పట్టికకు క్యాండిడేట్ కీలన్నీ కనుక్కోండి, ఇది ఏ నార్మల్ ఫార్మ్‌లో ఉందో చెప్పండి, బీసీఎన్‌ఎఫ్‌లోకి మార్చండి, మార్చాక ఏ నియమమైనా పోయిందేమో చూడండి.

కీ అంటే పట్టికలో ఏ వరుసనైనా ఒక్కటిగా గుర్తుపట్టడానికి సరిపోయే కనీస సమాచారం. విద్యార్థి, సబ్జెక్టు తెలిస్తే లెక్చరర్ తెలుస్తారు కాబట్టి ఆ రెండూ కలిసి ఒక కీ. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ విద్యార్థి, లెక్చరర్ తెలిసినా చాలు, లెక్చరర్‌ను బట్టి సబ్జెక్టు తెలిసిపోతుంది. అది రెండో కీ. ‘అన్నీ’ అన్న చిన్న మాట ప్రశ్నలో అందుకే ఉంది.

అసలు తప్పు తర్వాతి మెట్టులో జరుగుతుంది. లెక్చరర్ ఒక్కరే కీ కాదు, అయినా సబ్జెక్టును నిర్ణయిస్తున్నారు. దీన్ని చూడగానే ‘ట్రాన్సిటివ్ డిపెండెన్సీ ఉంది, కాబట్టి థర్డ్ నార్మల్ ఫార్మ్‌లో లేదు’ అని రాసేస్తారు. బట్టీ పట్టిన నిర్వచనం అలాగే రాయిస్తుంది. పూర్తి నిర్వచనం ప్రకారం, కీ కానిది ఏదైనా మరొకదాన్ని నిర్ణయిస్తున్నా, అలా నిర్ణయమయ్యేది ఏదో ఒక క్యాండిడేట్ కీలో భాగమైతే థర్డ్ నార్మల్ ఫార్మ్‌కు అభ్యంతరం లేదు. సబ్జెక్టు మొదటి కీలో భాగం. కనుక ఈ పట్టిక థర్డ్ నార్మల్ ఫార్మ్‌లో ఉన్నట్టే. బీసీఎన్‌ఎఫ్ ఆ మినహాయింపు ఇవ్వదు, అందుకే అందులో లేదు.

బీసీఎన్‌ఎఫ్ కోసం పట్టికను రెండుగా చేస్తాం. ఒకదానిలో లెక్చరర్, సబ్జెక్టు. రెండోదానిలో విద్యార్థి, లెక్చరర్. రెండింటినీ లెక్చరర్ పేరు మీద మళ్లీ కలిపితే పాత పట్టిక చెక్కుచెదరకుండా వస్తుంది. కానీ ‘ఒక విద్యార్థికి ఒక సబ్జెక్టులో ఒకే లెక్చరర్’ అన్న నియమం ఇప్పుడు ఏ ఒక్క పట్టికలోనూ లేదు. ఒకే విద్యార్థిని ఇద్దరు ఫిజిక్స్ లెక్చరర్ల కింద నమోదు చేస్తే ఏ పట్టిక కీ కూడా అడ్డుకోదు. బీసీఎన్‌ఎఫ్ ఎప్పుడూ థర్డ్ నార్మల్ ఫార్మ్ కంటే మంచిదే అని నోట్సులో రాసుకున్న విద్యార్థి ఈ చివరి ప్రశ్న దగ్గర తెల్లమొహం వేస్తాడు. ఆ రెంటినీ వేరుగా ఎందుకు ఉంచారో తెలిసేది కూడా ఇక్కడే.

పుస్తకం మూసి, గడియారం పెట్టుకుని, ఇలాంటి ప్రశ్న ఒక్కటి రాస్తే లోటు ఎక్కడో తేలుతుంది. మొదటి అడుగే పడకపోతే పాఠం రాలేదన్నమాట, అప్పుడు పుస్తకానికి వెళ్లాలి. అడుగు పడి మధ్యలో దారి తప్పితే నిర్వచనం సగమే వచ్చింది. పై ఉదాహరణలో ట్రాన్సిటివ్ దగ్గర జరిగింది అదే, ఆ ఒక్క పేరా మళ్లీ చదివితే చాలు. జవాబు సరైనదై, సమయం మాత్రం రెట్టింపు పట్టిందంటే చదవాల్సింది ఏమీ లేదు. అదే రకం ప్రశ్నలు ఇంకో రెండు మూడు చేయాలి. మూడింటికీ మందు వేరు. అందుకే ‘నార్మలైజేషన్ వీక్’ అని రాసుకోవడం ఎందుకూ పనికిరాదు, ఏ అడుగు దగ్గర ఆగారో రాసుకోవాలి.

లోటు లేకపోయినా ఉన్నట్టు కనిపించే చోటు ఒకటుంది, దాని విషయంలో జాగ్రత్త. బీ ప్లస్ ట్రీ గీయమనే ప్రశ్నల్లో ‘ఆర్డర్’ అనే మాట వస్తుంది. రఘు రామకృష్ణన్, గెర్కె పుస్తకంలో ఆర్డర్ 4 అంటే ఒక నోడ్‌లో 8 విలువల దాకా పడతాయి. ఒక నోడ్‌లో పట్టే పాయింటర్ల సంఖ్యను బట్టి లెక్కించే సిల్బర్‌షాట్స్, కోర్త్ పద్ధతిలో నాలుగు పాయింటర్లంటే 3 విలువలే. 5, 10, 15, 20 వరుసగా చేర్చితే మొదటి పద్ధతిలో అన్నీ ఒకే నోడ్‌లో ఉంటాయి. రెండో పద్ధతిలో 20 చేర్చగానే నోడ్ చీలుతుంది. రెండు చెట్లూ సరైనవే. అవతలి యూనివర్సిటీ జవాబుతో మన బొమ్మ సరిపోలేదని దిగులుపడే ముందు అక్కడ ఏ పుస్తకం ప్రకారం చెప్పారో చూడాలి. పరీక్షలో ప్రశ్నలోనే వివరం లేకపోతే, నోడ్‌లో ఎన్ని విలువలు పడతాయని మీరు తీసుకున్నారో జవాబు మొదటి వాక్యంలోనే రాయండి.

పొరుగు పేపర్ మన పరీక్షలో ఏం వస్తుందో చెప్పదు. దాని మీద ఆ ఆశ పెట్టుకున్నవాళ్లు నష్టపోతారు. దాన్ని సెమిస్టర్ మధ్యలో, తప్పులు దిద్దుకునే వ్యవధి ఉన్నప్పుడే వాడాలి. చివరి వారంలో మళ్లీ సొంత యూనివర్సిటీ పేపర్ తీసుకుని, ఈసారి ప్రతి ‘లేదా’ దగ్గరా ఇంతకాలం వదిలేసిన రెండో వైపు ప్రశ్నను ఎంచుకుని, 3 గంటలు కూర్చుని రాయండి.