ముక్కూ మొహం తెలియని వారిని డేటా అడగాలంటే

శాస్త్ర పత్రికల్లో వచ్చే పరిశోధన వ్యాసాల చివర ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది: తగిన కారణం చూపి అడిగితే మా దగ్గరున్న డేటా ఇస్తాం అని. ఆ మాట నమ్మి నిజంగానే అడిగితే ఏమవుతుందో క్రొయేషియా పరిశోధకులు ముగ్గురు పరీక్షించి, 2022లో ఫలితం ప్రకటించారు. డేటా ఇవ్వడానికి సిద్ధమని రాసుకున్న 1,792 వ్యాసాల రచయితలకు వాళ్లు మెయిల్ పంపారు. జవాబు వచ్చింది 254 మంది నుంచే. డేటా చేతికందింది 122 వ్యాసాలకు మాత్రమే, అంటే నూటికి ఏడు కూడా కాదు.

తప్పంతా అడిగినవారిదని ఈ లెక్క చెప్పదు. ఇవ్వడం ఇష్టం లేనివారు ఉంటారు, ఇచ్చే అధికారం లేనివారూ ఉంటారు. ఎంత చక్కగా రాసినా వాళ్ల దగ్గర పని జరగదు. అయితే వీరిద్దరికీ మధ్య మరో రకం మనుషులుంటారు. ఇవ్వడానికి అభ్యంతరం లేదు, కానీ ఆ మెయిల్‌కు జవాబు రాయాలంటే ముందు నాలుగు సంగతులు ఆలోచించాలి, రెండు ఫైళ్లు వెతకాలి, ఒకరినెవరినో అడగాలి. రేపు చూద్దామనుకుంటారు. వారం తిరిగేసరికి ఆ మెయిల్ మరో రెండొందల మెయిళ్ల అడుగుకు వెళ్లిపోతుంది. మన ఉత్తరం పనిచేయగలిగేది వీళ్ల దగ్గరే. వాళ్లు చేయాల్సిన ఆలోచన, వెతుకులాట మనమే ముందుగా చేసిపెట్టి, అవునో కాదో తేల్చడం ఒక్కటే వాళ్లకు మిగల్చాలి.

ఇది ఎలా చేయాలో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. పీహెచ్‌డీ చేస్తున్న ఒక విద్యార్థిని, అనంతపురం ప్రాంతంలో లోతుగా వేసిన బోర్లు నిజంగా ఎక్కువకాలం నీళ్లు పోస్తాయా అని తేల్చాలనుకుంటోంది. కొన్నేళ్ల కిందట ఒక ప్రొఫెసర్ అక్కడి ఊళ్లలో బోర్ల సర్వే చేసి వ్యాసం ప్రచురించారు. అందులో మండలాల వారీగా సగటులే ఉన్నాయి. ఆమెకు ఒక్కో బోరు వివరం కావాలి. ఆ ప్రొఫెసర్‌తో ఆమెకు పరిచయం లేదు.

మెయిల్ తెరవకముందు

మొదటి పని రాయడం కాదు, వెతకడం. వ్యాసంతో పాటు అనుబంధ ఫైళ్లు ఉన్నాయేమో చూడాలి. జెనోడో, డ్రయాడ్ వంటి డేటా భాండాగారాల్లో రచయిత పేరుతో వెతకాలి. భూగర్భ జలమట్టాల వంటివైతే కేంద్ర ప్రభుత్వ ఇండియా-విరిస్ వెబ్‌సైట్‌లో కొంత బహిరంగంగానే దొరుకుతుంది. అందరికీ అందుబాటులో ఉన్నదాన్ని అడిగితే, ఈ మనిషి కనీసం వెతకలేదని అవతలివారికి మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.

రెండోది, సరైన మనిషిని పట్టుకోవడం. పాత వ్యాసాల విషయంలో ఇది అసలు చిక్కు. జీవశాస్త్ర రంగంలో 2 నుంచి 22 ఏళ్ల పాతవైన 516 వ్యాసాల డేటా కోసం వెతికిన ఒక అధ్యయనం 2014 జనవరి కరెంట్ బయాలజీ సంచికలో అచ్చయింది. వ్యాసం పాతబడేకొద్దీ డేటా మిగిలివుండే అవకాశం ఏటికేడు గణనీయంగా పడిపోతుందని, రచయితల ఈమెయిల్ చిరునామాలు కూడా పనిచేయకుండా పోతాయని అందులో తేలింది. అందుకే వ్యాసం మీద ఉన్న చిరునామాకు పంపి ఊరుకోకూడదు. ఆ రచయిత ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో, ఈ మధ్య వచ్చిన వ్యాసంలో ఏ చిరునామా ఇచ్చారో చూడాలి. పేర్ల వరుసలో మొదటి పేరు చాలాసార్లు ఊళ్లు తిరిగి లెక్కలు రాసుకున్న విద్యార్థిది. ఫైలు నిజంగా ఉన్నది ఆ మనిషి కంప్యూటర్‌లోనే కావచ్చు.

ఆ మెయిల్ ఇలా ఉండవచ్చు

మన ఉత్తరాలకు ఒక అలవాటుంది. ముందు నమస్కారాలు, తర్వాత వారి గొప్పతనం, ఆ తర్వాత మన పరిచయం, చదువు, గైడు పేరు. అసలు కోరిక చివరి పేరాలో, అదీ మొహమాటంగా, "మీకు వీలైతే మీ డేటా పంపగలరని ప్రార్థన" అని. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు ఆ క్రమం మర్యాదే. ఫోన్‌లో మెయిళ్లు జరుపుకుంటూ పోయే మనిషికి మాత్రం మొదటి రెండు వరుసల్లో పని కనిపించదు. అదే విద్యార్థిని ఇలా రాసిందనుకుందాం:

> విషయం: మీ బోర్ల సర్వే 3వ పట్టిక వివరాల కోసం (రైతుల పేర్లు అవసరం లేదు)
>
> ప్రొఫెసర్ గారికి నమస్కారం.
>
> అనంతపురం బోర్లపై మీరు ప్రచురించిన వ్యాసంలో 3వ పట్టికకు ఆధారమైన ఒక్కో బోరు వివరాలు నాకు పంపగలరా? కావలసినవి ఐదే: మండలం, బోరు వేసిన ఏడాది, లోతు, సర్వే నాటికి నీళ్లు పోస్తోందా లేదా, ఎండిపోయి ఉంటే ఏ ఏడాది. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, పొలం సర్వే నంబర్లు నాకు వద్దు.
>
> నేను భూగర్భ శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. లోతైన బోర్లు ఎక్కువకాలం నిలుస్తాయా అన్నది నా ప్రశ్న. మీ పట్టికలోని సగటులతో అది తేలదు. వ్యాసం అనుబంధాల్లోనూ, మీ విభాగం వెబ్‌సైట్‌లోనూ వెతికాను, అక్కడ లేవు.
>
> ఫైలు మీ దగ్గర ఎలా ఉంటే అలాగే పంపండి, సర్దుకునే పని నేను చూసుకుంటాను. నా థీసిస్‌కు తప్ప వాడను, మరొకరికి ఇవ్వను. మీ సర్వేను పేర్కొంటాను, ఫలితం అచ్చుకు పంపేముందు మీకు చూపిస్తాను.
>
> వివరాలు బయటికి ఇవ్వడం కుదరకపోతే, లెక్క కట్టే చిన్న ప్రోగ్రామ్ నేను రాసి పంపుతాను. దాన్ని మీ దగ్గరే నడిపి ఫలితం చెప్పినా నాకు చాలు. రెండూ వీలుకాకపోతే ఆ ఒక్క మాట రాయండి, మరో దారి చూసుకుంటాను. ఈ అధ్యాయం సెప్టెంబరు చివర మొదలుపెడుతున్నాను.
>
> (పేరు, విభాగం, విశ్వవిద్యాలయం, గైడు పేరు)

ఇందులో పొగడ్త లేదు, అయినా మర్యాద ఎక్కడా తగ్గలేదు. ఆయన వ్యాసాన్ని మూడో పట్టిక దాకా చదివానని చెప్పడంలోనే గౌరవం ఉంది. తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా ఈ వరుస మారదు.

ఒక్కో మాట ఎందుకుంది

"మీ డేటా పంపండి" అంటే అవతలివారికి అది మోయలేని బరువు. ఏ డేటా? ఏ ఫైలు? అన్ని ఊళ్లదా? ఐదు వివరాలు పేరుపేరునా చెప్పడంతో ఆ ప్రశ్నలు పోయాయి. అడిగేముందు ఆ ఐదు సరిపోతాయో లేదో మనం తేల్చుకోవాలి కూడా. ఉదాహరణకు ఎండిపోయిన బోర్ల వివరాలే తెప్పించుకుని ఉంటే ఆ విద్యార్థిని లెక్క తప్పేది. సర్వే నాటికి ఇంకా నీళ్లు పోస్తున్నవే ఎక్కువకాలం నిలిచిన బోర్లు, వాటిని వదిలేస్తే బోరు ఆయుష్షు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. అందుకే "నీళ్లు పోస్తోందా లేదా" అన్న గడి అడిగింది. మళ్లీ రెండో మెయిల్ రాసి "ఇంకొకటి మర్చిపోయాను" అనాల్సి వస్తే, మొదటిసారి పడిన శ్రమ అవతలివారు మరోసారి పడాలి.

తరువాతది, అవతలివారి భయం. డేటా దగ్గరున్నవారు వెనకాడటానికి సాధారణంగా నాలుగు కారణాలుంటాయి. సర్వేలో మాట్లాడినవారి వివరాలు బయటపడతాయేమో. ఇంకా రాయాల్సిన వ్యాసం ఉంది, వీళ్లు ముందే రాసేస్తారేమో. ఫైలు గజిబిజిగా ఉంది, దాన్ని శుభ్రం చేసే తీరిక లేదు. అందులో తప్పులు దొరికితే పరువు పోతుందేమో. ఇవేవీ వాళ్లు జవాబులో రాయరు, మౌనంగా ఉండిపోతారు. పై మెయిల్ ఆ నాలుగింటికీ వాళ్లు అడగకుండానే బదులు చెప్పింది. పేర్లు వద్దంది, ఉపయోగం థీసిస్‌కే పరిమితం చేసింది, ఫైలు ఉన్నదున్నట్టు చాలంది, అచ్చుకు ముందు చూపిస్తానంది. ఒక్క జాగ్రత్త: నిలబెట్టుకోగలిగిన మాటలే ఇవ్వాలి. కొన్ని పత్రికలు డేటాను వ్యాసంతో పాటు జతచేయమంటాయి. అక్కడికి పంపే ఉద్దేశం ఉంటే, ఎవరికీ ఇవ్వనని రాయకూడదు.

చివరి పేరాలోని చిన్న కోరిక అన్నిటికన్నా విలువైనది. సర్వేకు డబ్బిచ్చిన సంస్థతో ఒప్పందం ఉంటే, మనసున్నా ఆ ప్రొఫెసర్ ఫైలు ఇవ్వలేరు. కానీ ప్రోగ్రామ్ నడిపి ఫలితం చెప్పడానికి, ఫైలు గడప దాటదు కాబట్టి, చాలాసార్లు అడ్డు ఉండదు. అలాగే కాదనడానికి దారి తెరిచి ఉంచితే జవాబు వచ్చే అవకాశం పెరుగుతుంది. కాదనడం ఇబ్బందిగా ఉన్నప్పుడే మనుషులు జవాబు రాయకుండా ఆపేస్తారు.

నిపుణుల సలహా అడిగేటప్పుడూ పద్ధతి ఇదే. "ఈ విషయం మీద మార్గదర్శనం చేయండి" అంటే గంట పని. "ఎండిన ఏడాది తెలియని బోర్లను నేను లెక్కలోంచి తీసేస్తున్నాను, ఇది తప్పా? తప్పైతే ఏం చదవాలి?" అంటే ఫోన్‌లోనే రెండు వరుసల్లో జవాబివ్వొచ్చు.

జవాబు రాకపోతే, వస్తే

పది రోజుల నుంచి రెండు వారాల వరకు ఆగాలి. తర్వాత అదే మెయిల్‌కు కొనసాగింపుగా, పాత ఉత్తరం కింద కనిపించేలా మూడు వరుసలు రాయాలి. అప్పుడు కోరిక ఇంకా తగ్గించవచ్చు: మొత్తం కాకపోయినా రెండు మండలాలవి చాలని. అప్పటికీ మౌనమే అయితే సహరచయితల్లో ఒకరికి రాసి, మొదటివారికి రాసిన సంగతి దాచకుండా చెప్పాలి. అక్కడితో ఆపాలి. పై అధికారికి కాపీ పెట్టడం ఒత్తిడిగా కనిపిస్తుంది, ఇవ్వాలనుకున్న మనిషి కూడా బిగుసుకుంటారు. అడుగుతున్నది ప్రభుత్వ శాఖ దగ్గరున్న రికార్డు అయితే దారి వేరు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. అది హక్కుగా అడగడం, దానికి వేరే భాష, వేరే పద్ధతి ఉన్నాయి.

మన మెయిల్ ఎలా ఉందో వచ్చిన జవాబే చెబుతుంది. "మీకు సరిగ్గా ఏం కావాలి?" అన్నారంటే కోరిక స్పష్టంగా లేదు. "దేనికి వాడతారు?" అంటే వాళ్ల భయానికి బదులు లేదు. "అది వెబ్‌సైట్‌లోనే ఉంది" అంటే వెతకకుండా రాశాం. "ఇవ్వలేం, ఒప్పందం అడ్డం" అంటే మాత్రం మెయిల్ తన పని తాను చేసింది, వారికి కృతజ్ఞత చెప్పి, ఎవరిని అడగాలో ఒక్క ప్రశ్న వేయొచ్చు.

ఫైలు వస్తే అందిందని ఆ రోజే రాయాలి. అందులో తప్పు కనిపిస్తే, అచ్చులో కాకుండా ముందు ఆయనకే చెప్పాలి. లెక్క తేలాక, అది ఆయన వ్యాసానికి వ్యతిరేకంగా వచ్చినా సరే, మాటిచ్చినట్టు పంపాలి. ఇచ్చిన డేటా ఏమైందో తెలియకపోతే ఆ ప్రొఫెసర్ మరోసారి ఇవ్వడానికి వెనకాడతారు. ఆ నష్టం మనకు కాదు, మన తర్వాత అడగబోయే విద్యార్థికి.