పిత్తాశయం తీసేశాక ఇంట్లో గడిచే మొదటి వారం

డిశ్చార్జ్ రోజు చేతికి వచ్చే ఫైల్లో చివరి కాగితాన్ని చదివేవాళ్లు తక్కువ. పైన పేరు, వయసు, ఐ.పి. నంబరు ఉంటాయి. కింద ఆపరేషన్ పేరు, మాత్రల పట్టిక. అట్టడుగున ఇంగ్లిష్‌లో రెండు మూడు వాక్యాలు: నూనెలు తగ్గించండి, గాయాలు తడవనివ్వకండి, జ్వరం, కడుపు నొప్పి, వాంతులు, కామెర్లు ఉంటే వెంటనే రండి. కౌంటర్ దగ్గర నర్సు మాత్రల వరకూ వివరంగా చెబుతుంది. ఆ ఆఖరి వాక్యం మీద పెన్నుతో ఒక గీత గీసి, "ఏదైనా ఇబ్బందైతే ఫోన్ చేయండమ్మా" అని పంపిస్తుంది. మొత్తం కాగితంలో ప్రాణానికి సంబంధించిన వాక్యం మాత్రం అదే.

పెద్దకోత పెట్టి పిత్తాశయం తీసే రోజుల్లో రోగి వారం పది రోజులు వార్డులోనే ఉండేవారు. జ్వరం వచ్చినా, కడుపు ఉబ్బినా మొదట చూసేది నర్సే. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూ అనే సర్జన్ చిన్న రంధ్రాల గుండా ఈ ఆపరేషన్ చేశాడు. 1990లో ముంబయిలో డాక్టర్ ఉద్వాడియా మన దేశంలో మొదలుపెట్టారు. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లో కూడా ఇది మామూలైపోయింది. చాలామంది మర్నాడే ఇల్లు చేరుతున్నారు. రోగికి ఇది మేలే. అయితే అసలైన చిక్కులు బయటపడేది సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య. అంటే వార్డులో నర్సు గమనించాల్సినవి ఇప్పుడు ఇంట్లో భర్తో, కోడలో గమనించాలి. వాళ్ల చేతిలో ఉన్నదల్లా ఆ కాగితమే.

ముందు తిండి సంగతి. పిత్తరసాన్ని తయారుచేసేది కాలేయం. పిత్తాశయం దాన్ని నిలవ ఉంచే తొట్టి మాత్రమే. కొవ్వున్న భోజనం పడినప్పుడు ఆ తొట్టి ముడుచుకుని ఒక్కసారిగా రసాన్ని పేగులోకి వదులుతుంది. తొట్టి తీసేశాక రసం ఆగదు, కాలేయం నుంచి కొద్దికొద్దిగా నేరుగా పేగులోకి జారుతూ ఉంటుంది. అందుకే ఇడ్లీ, మెత్తటి అన్నం, పెసరకట్టు, సొరకాయ కూర, పలుచటి మజ్జిగ ఇబ్బంది లేకుండా అరుగుతాయి. ఒకేసారి ప్లేటు నిండా బిర్యానీయో, నాలుగు మిరపకాయ బజ్జీలో తింటే అంత కొవ్వుకు సరిపడా రసం ఆ సమయానికి అందదు. కడుపు ఉబ్బరం, విరేచనం మొదలవుతాయి. మొదటి రెండు మూడు వారాలు వేపుళ్లు, నెయ్యి, కొబ్బరి పాలు, మాంసంలో కొవ్వు తగ్గించి, మూడు పూటల తిండిని అయిదారు సార్లుగా పంచుకుంటే చాలు. ఆ తర్వాత ఒక్కో పదార్థాన్నీ కొంచెంగా తిని చూసుకుంటూ మామూలు భోజనానికి వచ్చేయొచ్చు. కొద్దిమందికి నీళ్ల విరేచనాలు కొన్ని వారాలు సాగుతాయి. పెద్దపేగులోకి ఎక్కువగా చేరే పిత్తం దీనికి కారణం. తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి, దానికి వేరే మందు ఉంది.

మన ఇళ్లలో సమస్య దీనికి తలకిందులుగా వస్తుంది. పత్యం పేరిట నెలల తరబడి కారప్పొడి అన్నం పెడతారు. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ తింటే పుండు మానదని, పెరుగు చల్లదనమని ఒక్కొక్కటీ మాన్పిస్తారు. పప్పుకూ చీముకూ సంబంధం లేదు. చీము పట్టించేది సూక్ష్మజీవులు. కోసిన చోట కొత్త కండ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు తెల్లసొన, నూనె తక్కువగా వండిన చేప, వెన్న తీసిన పెరుగు ఇస్తేనే గాయం త్వరగా మానుతుంది.

గాయాలు సాధారణంగా నాలుగు. బొడ్డు దగ్గర ఒకటి, రొమ్ము ఎముక కింద ఒకటి, కుడి డొక్కలో రెండు. సర్జన్ వేరేలా చెప్పకపోతే మొదటి 48 గంటలు పట్టీని పొడిగా ఉంచాలి. తర్వాత చెంబుతో పోసుకునే స్నానం చేయొచ్చు. సబ్బు నురగ గాయం మీదుగా జారినా ఫర్వాలేదు, రుద్దకూడదు. శుభ్రమైన పొడి గుడ్డతో అద్దాలి. పూర్తిగా మానేదాకా చెరువులో, తొట్టిలో మునగకూడదు. పసుపు, కొబ్బరి నూనె, పౌడరు ఏవీ పెట్టొద్దు. పసుపులో మంచి గుణాలు ఉండొచ్చు, కానీ వంటింటి డబ్బాలోని పసుపును ఎవరూ స్టెరిలైజ్ చేయలేదు కదా. కుట్లో పిన్నులో ఉంటే మామూలుగా ఏడు నుంచి పది రోజుల మధ్య తీస్తారు. బొడ్డు కింద చిన్న గట్టిదనం, కాస్త కమిలిన రంగు మామూలే. ఎరుపు రోజురోజుకూ వెడల్పవుతుంటే, వేడిగా ఉంటే, చీమో పసుపుపచ్చటి రసమో కారుతుంటే మామూలు కాదు.

ఒక చిక్కు గురించి ఈ కాగితాల్లో సాధారణంగా రాయరు. గాయాలన్నీ శుభ్రంగా మానిపోయాక, మూడు నాలుగు వారాలకో ఇంకా ఆలస్యంగానో, మచ్చ పక్కన నొప్పిలేని చిన్న గడ్డ లేచి పలుచటి నీరు కారడం మొదలవుతుంది. మామూలు యాంటీబయాటిక్ వాడితే తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. ఆపరేషన్ పరికరాల శుద్ధిలో లోపం వల్ల చేరే ఒక రకం సూక్ష్మజీవి దీనికి కారణం కావచ్చు. ఇది క్షయ సూక్ష్మజీవికి దూరపు చుట్టం, దీన్ని మామూలు పరీక్షల్లో పట్టుకోవడం కష్టం. ఇలాంటప్పుడు మందుల షాపులో మాత్రలు కొనుక్కోకుండా ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే వెళ్లి, ఆ నీటిని ప్రత్యేకంగా కల్చర్ పరీక్షకు పంపమని అడగాలి. సరైన మందులు చాలా వారాలు వాడాల్సి వస్తుంది.

ఇక ఆ ఆఖరి వాక్యం. అందులోని నొప్పి అనే మాటే అందరినీ తికమక పెడుతుంది. ఎందుకంటే ఆపరేషన్ తర్వాత నొప్పి ఉండనే ఉంటుంది. కడుపును ఉబ్బించడానికి ఎక్కించిన కార్బన్ డయాక్సైడ్ ఉదరవితానాన్ని రేపుతుంది. ఆ నరానికీ భుజానికీ సంబంధం ఉంది కాబట్టి కుడి భుజం లాగుతుంది. గుండెనొప్పేమో అని భయపడేవాళ్లు చాలామంది. భుజం లాగుడు ఒక్కటే ఉంటే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, ఇంట్లో నెమ్మదిగా నడిస్తే ఉపశమనం. అదే ఛాతీ నొక్కినట్టున్నా, ఆయాసం వచ్చినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మరి మామూలు నొప్పికీ ప్రమాదపు నొప్పికీ తేడా ఏమిటి? తీవ్రత కన్నా అది వెళ్లే దారి చూడాలి. ఇవాళ్టి నొప్పి నిన్నటికన్నా తక్కువుండాలి. రేపటిది ఇంకా తగ్గాలి. ఒక ఉదాహరణ చూద్దాం. నలభై ఏళ్లు దాటిన ఒకావిడకు మంగళవారం ఆపరేషన్ అయింది, బుధవారం ఇంటికొచ్చింది. గురువారం భుజం లాగినా ఇడ్లీ తిని వరండాలో నడిచింది. శుక్రవారం తన జడ తనే వేసుకుంది. శనివారం మధ్యాహ్నం నుంచి మాత్రం కడుపు బిగిసినట్టుంది, కూర్చోబుద్ధి కాలేదు, రెండు ముద్దలు కూడా పోలేదు. రాత్రికి కుడిపక్క మొదలైన నొప్పి పొట్టంతా పాకింది. జ్వరం చూస్తే 100 దగ్గరే, కామెర్లు లేవు, గాయాలు శుభ్రంగా ఉన్నాయి. "గ్యాస్ అయ్యుంటుంది అత్తయ్యా, సోడా పొడి కలిపిస్తాను తాగండి" అంది కోడలు. ఎవరికైనా ముందు తోచేది అదే.

కానీ గ్యాస్ నొప్పి మొదటి రెండు రోజుల్లో ఉండి పోతుంది. బాగా లేచి తిరుగుతున్న మనిషి నాలుగో రోజు మంచం పట్టడం గ్యాస్ చేసే పని కాదు. పిత్తాశయం నాళానికి వేసిన క్లిప్ జారినా, కాలేయం అంచున ఉన్న చిన్న నాళం తెరుచుకున్నా పిత్తరసం పొట్టలోకి కారుతుంది. మొదట్లో జ్వరం పెద్దగా ఉండదు, కళ్లు పచ్చబడవు. కనిపించేవి ఉబ్బరం, ఆకలి చావడం, నాడి వేగంగా కొట్టుకోవడం, మనిషి డీలా పడటం. మణికట్టు దగ్గర వేళ్లు పెట్టి నిమిషం లెక్కపెడితే, కదలకుండా పడుకున్నా నాడి 100 దాటుతోందంటే అది సోడాతో తగ్గే సంగతి కాదు. ఆ రాత్రే సర్జనుకు ఫోన్ చేయాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

అక్కడ స్కానింగ్‌లో కాలేయం కింద ద్రవం కనిపిస్తే సన్నటి గొట్టం పెట్టి బయటికి తీస్తారు. నోటి గుండా ఎండోస్కోప్ పంపి పిత్తనాళంలో స్టెంట్ పెడతారు. రసానికి దారి దొరికితే చాలా లీకులు వాటంతటవే మూసుకుంటాయి, కొన్ని వారాల తర్వాత స్టెంట్ తీసేస్తారు. ఇదే శనివారం కాకుండా మరో నాలుగు రోజులు ఆగి వెళ్తే పొట్టంతా ఇన్ఫెక్షన్ పాకి, మళ్లీ పెద్ద ఆపరేషన్‌దాకా పోవచ్చు.

జ్వరం విషయంలో ఒక చిన్న జాగ్రత్త. నొప్పికి ఇచ్చే పారాసెటమాల్ జ్వరాన్ని కప్పేస్తుంది. అందుకే పూటపూటా మాత్ర వేసుకునే ముందే థర్మామీటర్ పెట్టి అంకె రాసుకోవాలి. 100.4 దాటితే ఫోన్ చేయాలి. వాంతులు మత్తు ప్రభావంతో మొదటి రోజు ఉండొచ్చు. ఆ తర్వాత నీళ్లు కూడా నిలవకుండా మళ్లీ మళ్లీ అవుతుంటే ఆగకూడదు.

కామెర్ల గురించి గట్టిగా చెప్పాలి. పిత్తాశయం తీసేసినా, అంతకుముందే జారిన రాయి పిత్తనాళంలో ఉండిపోవచ్చు. ఆపరేషన్‌లో నాళానికే దెబ్బ తగిలి ఉండొచ్చు కూడా. అప్పుడు కళ్లు పచ్చబడటానికి ముందే మూత్రం చిక్కటి టీ రంగులోకి మారుతుంది, మలం సున్నం కలిపిన మట్టిలా తెల్లబోతుంది, ఒళ్లంతా దురద. ఇది వారంలో రావచ్చు, నెలల తర్వాతా రావచ్చు. కామెర్లు అనగానే పసరు మందు కోసం బస్సెక్కే అలవాటు మనకు ఇంకా ఉంది. ఇక్కడ జబ్బు నాళం మూసుకుపోవడం. ఏ పసరూ ఆ రాయిని తీయలేదు. ఈలోగా మూసుకున్న నాళంలో చీము పడితే చలిజ్వరంతో రోగి ఒక్కరోజులో ప్రాణాపాయంలో పడతాడు. పచ్చబడ్డ కళ్లకు తోడు వణుకు వస్తే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మిగతావి తేలిక. మెట్లెక్కడం, ఇంట్లో తిరగడం మొదటి రోజు నుంచే చేయాలి. బిందెలు, గ్యాస్ సిలిండరు, బియ్యం బస్తా నాలుగు నుంచి ఆరు వారాలు ఎత్తకూడదు. బొడ్డు దగ్గరి రంధ్రం లోపల పూర్తిగా అతుక్కోకముందే బరువెత్తితే అక్కడ హెర్నియా రావచ్చు.

కుట్లు చూపించడానికి వెళ్లిన రోజు బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోండి. తీసిన పిత్తాశయాన్ని ల్యాబుకు పంపితే ఫలితం కొన్ని రోజులకు వస్తుంది. దాదాపు అందరికీ అందులో రాళ్ల వల్ల కలిగిన వాపు అనే ఉంటుంది. బహు కొద్దిమందిలో మాత్రం స్కానింగ్‌లో కనబడని క్యాన్సర్ అక్కడే బయటపడుతుంది. డిశ్చార్జ్ కాగితంలో ఆ రిపోర్టు "రావాల్సి ఉంది" అని రాసి ఉంటే, వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి. చేతికొచ్చాక సర్జనుతో చదివించుకోవాలి.