చివరి పేజీ మూసేముందు: ఆన్‌లైన్ దరఖాస్తుకు స్క్రీన్‌షాట్ రుజువు

ఆన్‌లైన్ దరఖాస్తు పంపగానే వచ్చే చివరి పేజీ చాలా సైట్లలో ఒక్కసారే కనిపిస్తుంది. సబ్మిట్ నొక్కితే నింపిన వివరాలు అవతలి సర్వర్‌కు చేరతాయి. సర్వర్ వాటిని నమోదు చేసుకుని, ఒక నంబరు కేటాయించి, జవాబుగా ఆ పేజీని పంపుతుంది. దానికంటూ మళ్లీ వెతికి తెరిచే చిరునామా చాలాసార్లు ఉండదు. రిఫ్రెష్ చేస్తే కొన్ని సైట్లలో బ్రౌజర్ Confirm Form Resubmission అని అడుగుతుంది. సరేనంటే దరఖాస్తు రెండోసారి వెళ్తుంది. అలాగే వదిలేస్తే లాగిన్ గడువు తీరిపోయి మొదటి పేజీకి చేరుకోవాల్సి వస్తుంది. నిర్ధారణ కళ్లముందు ఉన్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకోవడానికి కారణం ఇదే.

అయితే ఎక్కువ మంది పొరబడేది స్క్రీన్‌షాట్ తీయకపోవడంలో కాదు, ఏ పేజీకి తీయాలన్న దగ్గర. ఏపీ, తెలంగాణ ఈఏపీసెట్‌లలో ముందు ఫీజు కట్టాలి, ఆ తర్వాతే దరఖాస్తు నింపాలి. ఫీజు కట్టగానే చెల్లింపు పూర్తయిందన్న పేజీ, దాంతోపాటు బ్యాంకు నుంచి మెసేజ్ వస్తాయి. ఆ పేజీని ఫోన్లో భద్రపరచుకుని పని అయిపోయిందనుకున్న విద్యార్థి అసలు దరఖాస్తు మొదలే పెట్టలేదన్నమాట. చెల్లింపు రసీదు డబ్బు వెళ్లిందని చెబుతుంది, దరఖాస్తు చేరిందని చెప్పదు. కొన్ని ఉద్యోగ దరఖాస్తుల్లో వరుస తిరగబడుతుంది: ముందు ఫారం, చివర ఫీజు. అక్కడ ఫారం నింపగానే ఇచ్చే నంబరు ఫీజు కట్టేదాకా తాత్కాలికమే. సమాచారం సేవ్ అయిందన్న పేజీ, తప్పులు సరిచూసుకోమని చూపే ప్రివ్యూ పేజీ కూడా ఇలాగే మోసపుచ్చుతాయి. వివరాలన్నీ నిండుగా కనిపిస్తాయి గానీ అవి ఇంకా చిత్తుప్రతులే. దరఖాస్తు అందిందన్న మాట, రిజిస్ట్రేషన్ నంబరు, రెండూ ఉన్న పేజీయే అసలు రుజువు.

ఒక సందర్భం తీసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఈఏపీసెట్ దరఖాస్తుకు చివరి రోజు, అర్ధరాత్రితో గడువు ముగుస్తుంది. రాత్రి 11.40కి ఒక విద్యార్థిని యూపీఐతో ఫీజు కట్టింది. ఖాతాలో డబ్బు తగ్గింది, సైట్ మాత్రం కాసేపు తిరిగి తిరిగి ఎర్రర్ చూపించింది. ఇలాంటప్పుడు ముందుగా ఆ ఎర్రర్ పేజీనే స్క్రీన్‌షాట్ తీయాలి, పైన ఫోన్ గడియారం కనిపించేలా. గడువులోపే ప్రయత్నించినట్టు చూపడానికి పనికొచ్చేది అదే. తర్వాత యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు వివరాలు తెరిచి, పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు ఉన్న భాగాన్ని తీసుకోవాలి. ఎర్రర్ వచ్చిన పేజీలో వెనక్కి వెళ్లకుండా, రిఫ్రెష్ నొక్కకుండా, వేరే ట్యాబ్‌లో సైట్ తెరిచి చెల్లింపు స్థితి తెలుసుకునే విభాగంలో చూడాలి. చెల్లింపు చేరినట్టు అక్కడ కనిపిస్తే దరఖాస్తు నింపడం మొదలుపెట్టవచ్చు. విఫలమైనట్టు కనిపిస్తే మళ్లీ కట్టాలి.

ఏదీ తేలక పెండింగ్ అని ఉంటేనే చిక్కు. గడువు ఇరవై నిమిషాల్లో ముగిసేటప్పుడు, సైట్ ఒప్పుకుంటే ఎదురుచూడకుండా రెండోసారి కట్టడమే మేలు. పోయిన ఫీజు తిరిగి రావచ్చు, పోయిన గడువు రాదు. ఖాతాలో డబ్బు తగ్గి, అవతలివారికి చేరినట్టు నిర్ధారణ లేని యూపీఐ చెల్లింపుల గురించి రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్ 20న నిబంధన తెచ్చింది. చెల్లింపు జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. అంతకుమించి ఆలస్యమైతే రోజుకు ₹100 పరిహారం ఇవ్వాలి. కానీ మొదటి చెల్లింపు కూడా తర్వాత చేరినట్టు తేలితే ఈ నిబంధన వర్తించదు. అప్పుడు అదనపు ఫీజు తిరిగివ్వడం పరీక్ష నిర్వహించేవారి నిబంధనల మీద ఆధారపడుతుంది. వారికి రాయాలంటే యూటీఆర్ నంబర్లు రెండూ కావాలి.

బొమ్మలో ఏం ఉండాలన్నది తర్వాతి ప్రశ్న. రిజిస్ట్రేషన్ నంబరు, దరఖాస్తుదారు పేరు, తేదీ, సమయంతోపాటు పైనున్న సైట్ చిరునామా కూడా కనిపించాలి. చిరునామా కత్తిరించేస్తే ఆ పేజీ ఏ సైట్‌దో తెలియదు. పేజీ పొడవుగా ఉంటే ఒక్క తెరలో పట్టదు. ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో స్క్రీన్‌షాట్ తీసిన వెంటనే కింద కనిపించే బటన్‌తో మిగతా భాగాన్నీ కలుపుకోవచ్చు. ఐఫోన్‌ సఫారీలో మొత్తం పేజీని పీడీఎఫ్‌గా దాచుకునే వీలుంది. కంప్యూటర్‌లో Ctrl + P నొక్కి ప్రింటర్ బదులు పీడీఎఫ్ ఎంచుకుంటే అక్షరాలు స్పష్టంగా ఉంటాయి, నంబరును కాపీ చేసుకోవచ్చు. ఒక్కోసారి ప్రింట్‌లో పేజీ రూపం చెదిరి నంబరే మాయమవుతుంది. అందువల్ల పీడీఎఫ్ తెరిచి చూసుకున్నాకే అసలు పేజీని మూయాలి.

స్క్రీన్‌షాట్ బలం ఎంతవరకు? బ్రౌజర్‌లో ఏ పేజీలోని అక్షరాలనైనా కాస్త తెలిసినవారు క్షణంలో మార్చి బొమ్మ తీయగలరు. అధికారులకు ఈ సంగతి తెలుసు. కాబట్టి బొమ్మను చూసి ఎవరూ నమ్మరు, అందులోని నంబరును తమ రికార్డుతో పోల్చి చూస్తారు. రిజిస్ట్రేషన్ నంబరు సర్వర్‌లోని నమోదుకు దారి చూపిస్తుంది, యూటీఆర్ బ్యాంకు ఖాతా పద్దుకు దారి చూపిస్తుంది. నంబరు లేకుండా ధన్యవాదాలు మాత్రమే చెప్పే పేజీ బొమ్మ బలహీనమైనది ఇందుకే. అలాంటి చోట ఈమెయిల్‌కు, ఫోన్‌కు వచ్చిన సందేశాలే ఎక్కువ ఆసరా.

చట్టం కూడా అందినట్టు వచ్చే జవాబుకు విలువ ఇస్తుంది. ఐటీ చట్టం, 2000లోని 12వ సెక్షన్ ప్రకారం, ఫలానా రూపంలోనే ఉండాలని ముందే షరతు లేనప్పుడు, అందినట్టు తెలిపే జవాబు యంత్రం దానంతటదే పంపినదైనా చెల్లుతుంది. వివాదం కోర్టుకు వెళ్తే మరో మెట్టు ఉంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతికి ధ్రువపత్రం జతచేయాలంటుంది. అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే సంకేతం, రాయాలి. కత్తిరించిన, రంగుల గీతలు గీసిన ప్రతి ఒక్కటే మిగిలితే ఇబ్బంది. అసలు ఫైలును ముట్టుకోకుండా ఉంచి, నకలు మీద గీతలు గీసుకోవాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గి, ఫైలు మారిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది. తమకు తామే ఈమెయిల్ చేసుకుంటే పంపిన తేదీ కూడా వేరే చోట నమోదవుతుంది.

ఆ బొమ్మను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మాత్రం మంచిది కాదు. రిజిస్ట్రేషన్ నంబరు, పుట్టిన తేదీ, మొబైల్ నంబరు తెలిస్తే దరఖాస్తును తెరవనిచ్చే సైట్లు ఉన్నాయి.

చాలా ఊళ్లలో దరఖాస్తులు నెట్ సెంటర్లో నింపిస్తారు. అక్కడ చివరి పేజీ కనిపించేది ఆపరేటర్ తెర మీద. నంబరు కాగితం ముక్క మీద రాయించుకుని వచ్చేస్తే ఒక్క అంకె తప్పినా వెతకడం కష్టం. ఆ తెరను సొంత ఫోన్‌తో ఫొటో తీసుకుని, దరఖాస్తు ప్రింట్ అడిగి తీసుకోవాలి. అంతకంటే ముందు, ఫారంలో మొబైల్ నంబరు, ఈమెయిల్ ఉన్న గడుల్లో ఆపరేటర్‌వి కాకుండా దరఖాస్తుదారువే ఉన్నాయో లేదో సబ్మిట్ నొక్కకముందే చూసుకోవాలి. ఓటీపీ త్వరగా వస్తుందని సెంటర్ నంబరు ఇచ్చేస్తే, దరఖాస్తు అందిందన్న సందేశం, సవరణల గడువు, హాల్ టికెట్ సమాచారం అన్నీ ఆ ఫోన్‌కే వెళ్తాయి.