కుదుళ్లు నలుపు, చివర్లు బెల్లం రంగు: ఇంట్లోనే ఎలా కలపాలి?

3 నెలల కిందట ఇంట్లోనే బ్లీచ్ చేసి కలర్ వేశారనుకుందాం. జుట్టు నెలకి సుమారు 1 సెంటీమీటర్ పెరుగుతుంది. అంటే ఇప్పుడు పైన 3 సెంటీమీటర్లు నలుపు, కింద మన అనకాపల్లి బెల్లం రంగు, అదీ మచ్చలు మచ్చలుగా.

కుదుళ్లని మళ్లీ బ్లీచ్ చేయకండి. మాడు వేడికి అక్కడ త్వరగా రంగు పోయి, ఇంకో కొత్త పట్టీ పడుతుంది. చివర్లని ముదురు చేయడమే సులువు.

బ్లాక్ కాదు, అమోనియా లేని డార్క్ బ్రౌన్ తీసుకోండి. బ్లీచ్ అయిన జుట్టు రంగుని ఎక్కువ పీల్చుకుని, అనుకున్నదానికంటే నల్లగా తేలుతుంది. యాష్ షేడ్ వద్దు, ఆకుపచ్చ ఛాయ రావచ్చు.

ముందు మోచేతి లోపల కొంచెం రాసి 48 గంటలు చూడండి. దురద, మంట వస్తే ఆపేయాలి. తర్వాత లోపలి పాయలు రెండు మూడు తీసుకుని, ఒక్కోదాన్ని ఒక్కో టైంకి కడిగి ఆరబెట్టండి. తడిగా ఉంటే ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. ఏ పాయ నలుపుతో కలిసిందో అదే మీ టైం, కానీ ప్యాక్ మీద రాసిన టైం దాటకూడదు. ఇక లేత భాగానికే పూయండి, కుదుళ్లు ముట్టుకోవద్దు.

తడి వెంట్రుక రబ్బరులా సాగితే మాత్రం కలర్ వద్దు. ఆ చివర్లు కత్తిరించడమే మేలు.