బి, డిల తికమక

ఒకటో తరగతి పిల్లవాడు ఇంగ్లిష్‌లో ‘బ్యాడ్’ను ‘డాడ్’ అని చదివితే కంగారు పడొద్దు. కుర్చీని ఏ వైపు తిప్పినా కుర్చీయే అని మెదడు అంతవరకూ నేర్చుకుంది. చిన్న బి, చిన్న డిల దగ్గర ఆ అలవాటే అడ్డొస్తుంది. ఏడేళ్ల దాకా ఇది మామూలే.

రెండూ ఒకేసారి నేర్పకండి. ముందు బి పూర్తిగా పట్టుబడాలి. పళ్లెంలో బొంబాయి రవ్వ పలచగా పరిచి, వేలితో రాయించండి. పై నుంచి కిందికి నిలువు గీత, వేలు ఎత్తకుండా అదే గీత మీద సగం దాకా పైకి, అక్కణ్నుంచి కుడివైపు సున్నా. రాస్తున్నంతసేపూ ‘బ్’ అని పలకాలి. కొన్నాళ్లకు డి మొదలుపెట్టండి. దీనికి ముందు సున్నా, తర్వాత గీత. ఏది ముందు రాయాలో వేలికి తెలిస్తే తికమక తగ్గుతుంది. అందుకే పూర్తయిన అక్షరాన్ని కాదు, రాసే తీరును గమనించండి.

చదివేటప్పుడు అనుమానమొస్తే ‘బెడ్’ గుర్తు ఉంది. రెండు పిడికిళ్లూ ఎదురెదురుగా ఆనించి బొటనవేళ్లు పైకెత్తితే మంచం ఆకారం వస్తుంది. ఎడమచెయ్యి బి, కుడిచెయ్యి డి. ఇది సరిచూసుకోవడానికే, ప్రతి మాటకూ చేతులు చూసుకుంటే చదువు సాగదు.

ఎనిమిదేళ్లు దాటినా తికమక పోక, చిన్న మాటలు కూడా కూడబలుక్కుంటూ ఉంటే, డిస్లెక్సియా ఉందేమో నిపుణులకు చూపించండి.